ఉయ్యూరు లిస్టులో బెల్లం

ఎదురింటి వెంకటప్పయ్య గారి కుటుంబాన్ని తలుచుకుంటే నాకు ఇప్పటికీ అసహ్యం వేస్తుంది. వాళ్ళు చెడ్డవాళ్ళు కాదు. తాగరు, తిట్టరు, చెయ్యెత్తరు. కొట్టుకు వచ్చినవాళ్ళకు మంచినీళ్ళిస్తారు. అందుకే ఇంకా అసహ్యం. చెడ్డవాళ్ళయితే నలుగురిలో నిలబెట్టి ఇదీ వీళ్ళు చేసిందని చెప్పొచ్చు. వీళ్ళు ఏం చేశారని చెప్పను? లిస్టు రాశారు. అంతే.

వన్ టౌన్‌లో మా సందు గుర్తుపట్టాలంటే పప్పుల వాసన చాలు. కింద వెంకటప్పయ్య గారి హోల్‌సేల్ పప్పుల కొట్టు, పైన ఇల్లు. ఎదురుగా నాది సెల్ రిపేరు షాపు. మా ఆయన పోయాక పదకొండేళ్ళుగా నేనే నడుపుతున్నాను. ఆడమనిషి ఫోన్ విప్పుతుంటే వింతగా చూసినవాళ్ళు, ఇప్పుడు చార్జింగ్ ఎక్కకపోతే ముందు నా దగ్గరకే వస్తారు.

ఆ ఇంటి ఇల్లాలు సుబ్బరత్నం గారు. సందులో అందరికీ రత్నం గారు. యాభై దాటిన మనిషి, సన్నగా, చురుగ్గా ఉంటారు. డిగ్రీ రెండో ఏడులో చదువు మాన్పించి పెళ్ళి చేశారట. ఆ మాట ఆవిడ ఒక్కసారే చెప్పారు, అది కూడా కందిపప్పు మంచిదో కాదో చెప్పినంత మామూలుగా. ఇంట్లో భర్త, కొడుకు చక్రి, కోడలు అక్షయ, పెళ్ళి చేసుకోని మరిది తిరుపతిరావు ఉంటారు. ఇంటికి కావలసింది తెచ్చేది మాత్రం ఆవిడ ఒక్కరే. నలుగురి ఎనిమిది చేతులూ ఏం చేస్తుంటాయో నాకు తెలియదు.

ఆ ఇంట్లో ఫోన్లు పైనుంచి కిందకు దిగుతాయి. చక్రి కొత్త ఐఫోన్ కొంటే పాతది తండ్రికి, తండ్రిది బాబాయికి, బాబాయిది తల్లికి. రత్నం గారి చేతికి వచ్చేసరికి వెనక అద్దం బీటలు వారి ఉంటుంది. రెండేళ్ళ క్రితం అలాంటి ఫోనే పట్టుకుని చక్రి నా షాపుకి వచ్చాడు.

"ఆంటీ, అమ్మ చీటీలు రాసుకుంటుందండీ. తను బజారుకెళ్ళాక మాకు ఏదో ఒకటి గుర్తొస్తుంది. ఫోన్‌లో లిస్టు పెట్టి అందరికీ షేర్ చేసిపెట్టండి. ఎవరికేం కావాలో వాళ్ళే రాస్తారు."

ఎంత బాగుందీ ఆలోచన అనుకున్నాను. సిగ్గులేకుండా ఒప్పుకుంటున్నాను, ఆ రోజు నాకది నిజంగా బాగుందనిపించింది. రత్నం గారి ఫోన్‌లో నోట్స్ తెరిచి 'ఇల్లు' అని ఒక ఫోల్డరు పెట్టాను. అందులో కూరగాయలకొక నోటు, కిరాణాకొకటి, మందులకొకటి. ప్రతి వస్తువు పక్కనా చిన్న గుండ్రం. తెచ్చాక దాన్ని తాకితే టిక్కు పడుతుంది. విడివిడిగా మూడు నోట్లు పంపడం ఎందుకని ఫోల్డరు మొత్తాన్నీ నలుగురికీ షేర్ చేశాను. రాసే హక్కు అందరికీ ఇచ్చాను.

పనిలో పనిగా ఆవిడకు తాళం వేసుకోవడం కూడా నేర్పాను. ఫోల్డరు బయట బ్యాంకు నంబర్లు, ఆధార్ నంబర్లు ఒక నోటులో రాసుకుని పాస్‌వర్డ్ పెట్టుకున్నారు. "ఒక్కటి గుర్తుంచుకోండి రత్నం గారూ, తాళం వేసినా మొదటి లైను పైకి కనపడుతుంది. అదే నోటు పేరు. గుట్టు ఏదైనా ఉంటే మొదటి లైనులో రాయకండి" అన్నాను.

ఆవిడ నవ్వారు. "నాకు గుట్టేముందమ్మా నజీరా!"

చీటీ కాలంలో ఆవిడ బజారుకు వెళ్తే గంటైనా ఎవరికీ దొరికేవారు కాదు. ఇప్పుడు ఆ గంట పోయింది. కాళేశ్వరరావు మార్కెట్‌లో బెండకాయలు ఏరుతుంటే ఫోన్ టింగుమనేది. 'అల్లం.' ఆటో ఎక్కాక టింగు. 'దోసపిండి.' మెట్లెక్కుతుంటే టింగు. 'గుడ్లు మర్చిపోయాను, సారీ.' సారీ ఒకటి! మళ్ళీ దిగేవారు పాపం. నా షాపు ముందు నుంచే కదా వెళ్ళాలి, రోజుకు ఎన్నిసార్లు దిగారో నాకు లెక్క తెలుసు.

వెంకటప్పయ్య గారి కొట్టు పక్కనే పాల బూత్. నాలుగడుగులు. ఆయన గల్లాపెట్టె దగ్గర కూర్చుని, ఆ బూత్‌ను కళ్ళతో చూస్తూ, ఫోన్‌లో 'పాలు' అని రాయడం నేను చూశాను. రాసి ఫోన్ పక్కన పెట్టి, బాధ్యత తీరిపోయినట్టు ఒళ్ళు విరుచుకున్నారు. ఆ ఒళ్ళు విరుపు చూసిన రోజు నాకు మొదటిసారి వెగటు పుట్టింది.

పోయిన కార్తీకంలో రత్నం గారికి చికున్‌గున్యా వచ్చింది. వేళ్ళు ముడుచుకోక, మంచం దిగలేక పది రోజులు పడుకున్నారు. నేను చారు చేసి పట్టుకెళ్ళాను. అక్షయ అప్పుడు పుట్టింట్లో ఉంది. రత్నం గారి మంచం పక్కన ఫోన్ మోగుతూనే ఉంది. తీసి చూశాను. 'ఇడ్లీ రవ్వ', రాసింది వెంకటప్పయ్య గారు. ఆయన పక్క గదిలో టీవీ చూస్తున్నారు. మధ్యలో ఉన్నది ఒక కర్టెను. దాని కింద తిరుపతిరావు గారు 'జండూబామ్' అని రాశారు. ఆవిడ కోసమేమో అనుకున్నాను. కాదు, ఆయన మోకాలికట.

"లేచి అడగొచ్చు కదండీ ఎలా ఉందని?" అన్నాను, కర్టెన్ అవతలికి వినపడేలా.

"ఊరుకో నజీరమ్మా" అన్నారు రత్నం గారు. "వాళ్ళు అడగడం మర్చిపోయారు. రాయడం అలవాటైపోయింది." తర్వాత కాసేపు వేళ్ళు చూసుకుని, "పది రోజుల్లో ఒక్కళ్ళయినా ఒక్క టిక్కు పెడతారేమోనని చూస్తున్నానమ్మా" అన్నారు. ఎవరూ పెట్టలేదు.

వేసవిలో ఆవిడకు ఉద్యోగం వచ్చింది. ఉయ్యూరులో ఒక కాలేజీ వాళ్ళ ఆడపిల్లల హాస్టల్లో వార్డెను. ఆ హాస్టల్ వంటమనిషి అమలమ్మ ఆవిడకు చిన్ననాటి స్నేహితురాలు, అమలమ్మే అక్కడ చెప్పి పెట్టించింది. జూన్ పన్నెండున చేరాలి. రూము ఇస్తారు గానీ, నాలుగు గోడలు తప్ప అందులో ఏమీ ఉండదు. ఈ సంగతి తెలిసినవాళ్ళం అమలమ్మ, నేను.

"ముందే చెప్తే వెళ్ళనివ్వరు" అన్నారు రత్నం గారు. "అరవరు. అరిస్తే బాగుండును. బతిమాలతారు. నాన్నను ఎవరు చూస్తారమ్మా అంటాడు చక్రి. ఆయన అన్నం మానేస్తాడు. నేను కరిగిపోతాను, నా సంగతి నాకు తెలుసు. రూము సర్దుకుని, చేరే రోజున చెప్పి వెళ్ళిపోతాను."

అలా ఒక్కొక్క వస్తువూ కొని నా షాపు వెనక గదిలో పెట్టడం మొదలైంది. అట్టపెట్టెల మధ్య రత్నం గారి కాపురం నెమ్మదిగా పెరిగింది. ఆవిడకు జీవితంలో మొదటిసారి తన కోసం ఒక లిస్టు రాసుకునే పని పడింది. నేను నేర్పినట్టే మొదటి లైనులో గుట్టు రాయకుండా 'ఉయ్యూరు' అని మాత్రం రాసి, కింద గుండ్రాలు పెట్టుకుని రాశారు: పరుపు, దుప్పటి, ఒంటి పొయ్యి స్టౌ, రెండు గిన్నెలు, ఒక కంచం, ఒక గ్లాసు, బకెట్, దోమతెర, తాళం కప్ప.

మే చివరలో ఒక మధ్యాహ్నం ఫోన్ చేశారు. "నజీరమ్మా, ఈ నోటుకు తాళం పడట్లేదు. ఏదో ఇంగ్లీషులో చెప్తోంది."

నా ముందు నలుగురు నిలబడి ఉన్నారు. ఒకడి డిస్‌ప్లే నా చేతిలో ఊడి ఉంది. "అప్‌డేట్ అడుగుతుందేమోనండీ. తీరిగ్గా చూద్దాం" అన్నాను. ఆ తర్వాత మర్చిపోయాను. ఆ ఇంటివాళ్ళను తిట్టేటప్పుడల్లా నా ఈ మాట నాకే అడ్డొస్తుంది. ఫోన్ విషయంలో తన కోసం ఆవిడ రెండేళ్ళలో నన్ను అడిగిన ఒకే ఒక్క సాయం అది.

తొమ్మిది రోజుల తర్వాత ఆవిడ షాపుకి వచ్చారు. మొహంలో నెత్తురుచుక్క లేదు. ఫోన్ నా ముందు పెట్టి, "చూడు" అన్నారు.

చూశాను. చూడగానే తెలిసింది నేను చేసిన ఘనకార్యం. ఆవిడ ఆ నోటును 'ఇల్లు' ఫోల్డరు లోపల ఉండగా మొదలుపెట్టారు. షేర్ చేసిన ఫోల్డర్లో ఏ నోటు రాసినా అది దానంతటదే అందరికీ వెళ్ళిపోతుంది. అందరితో పంచుకున్న నోటుకు తాళం పడదు. ఆ రోజు ఫోన్ ఇంగ్లీషులో చెప్పింది ఆ ముక్కే. తొమ్మిది రోజులుగా ఆవిడ రహస్యం నలుగురి జేబుల్లోనూ తెరిచే ఉంది. ఇది బయటపడితే ఉద్యోగం పోతుంది, మళ్ళీ ఆ మెట్లే మిగులుతాయి.

"అయ్యో రత్నం గారూ! ఎవరైనా ఏమైనా అన్నారా? గొడవ చేశారా?"

"కిందకు చూడు" అన్నారు ఆవిడ.

తాళం కప్ప తర్వాత లిస్టు ఆగలేదు. 'బెల్లం, నల్లది, రెండు కేజీలు.' దాని కింద 'ఎండు రొయ్యలు, తల తీసినవి.' దాని కింద 'షేవింగ్ బ్లేడ్లు, పోయినసారి తెచ్చినవి కాదు.'

ఎవరు ఏ రోజు ఏం మార్చారో చూపించే చోటు ఒకటుంది, తెరిచాను. బెల్లం వెంకటప్పయ్య గారిది. రొయ్యలు తిరుపతిరావు గారివి. బ్లేడ్లు చక్రివి. అందరూ నోటు తెరిచారు. అందరూ పరుపూ స్టౌ దాటుకునే కిందకు వచ్చారు. ఉయ్యూరు అనగానే వెంకటప్పయ్య గారికి పంచదార ఫ్యాక్టరీ, బెల్లం గుర్తొచ్చాయి తప్ప, కట్టుకున్న పెళ్ళాం ఒక కంచం, ఒక గ్లాసు ఎందుకు రాసుకుందో తోచలేదు. పరుపు పక్కన టిక్కు పడింది, ఆ పరుపు ఇంటికి రాలేదు, అదెక్కడుందని ఒక్కడూ అడగలేదు.

ఛీ అన్నాను పైకే. పట్టుబడితే గొడవ అవుతుందని నేను భయపడ్డాను చూడండి, ఆ గొడవ జరగాలంటే కూడా ఎదుటివాళ్ళకు మనం ఒక మనిషిలా కనపడాలి.

"ఇప్పుడే బయటకు తీసేస్తానండీ. ఈ నోటును ఫోల్డరు నుంచి మీ సొంత నోట్లలోకి జరిపితే వాళ్ళ ఫోన్లలో కనపడదు. అప్పుడు తాళం పడుతుంది" అని వేలు పెట్టబోయాను.

ఆవిడ నా చెయ్యి పట్టుకున్నారు. "వద్దు. ఉండనీ."

"ఇంకో వారం ఉందండీ! ఎవరికైనా వెలిగితే?"

"వెలగదమ్మా" అన్నారు ఆవిడ. ఆ గొంతులో ఏడుపు లేదు. ముప్పై ఏళ్ళుగా నానబెట్టిన అసహ్యం ఉంది. "తాళం దొంగలకు కదా వేసుకుంటాం. కళ్ళెదుట పెట్టినా చూడనివాళ్ళకు తాళమెందుకు?"

ఫోన్ తిరిగి ఇవ్వబోతూ ఆగాను. అన్నిటికంటే అడుగున ఇంకో మాట ఉంది. 'గ్యాస్ లైటర్.' స్టౌ రాసుకుని లైటర్ రాసుకోవడం మర్చిపోయారు రత్నం గారు. ఎవరు రాశారో చూశాను. అక్షయ.

ఒక్కతి చదివింది. చదివి, అత్తగారి కొత్త కాపురంలో ఏం తక్కువైందో ఆలోచించి, ఇంట్లో ఎవరితోనూ అనకుండా రాసింది. రత్నం గారు కళ్ళు తుడుచుకున్నది ఆ ఒక్కసారే. సాయంత్రం లైటర్ కొనుక్కుని వచ్చి, నా ముందే దానికి టిక్కు పెట్టారు.

జూన్ పన్నెండు పొద్దున్న సామాను ఆటోలో సర్దాం. ఆవిడ ఒక చేతిసంచీతో మెట్లు దిగి, కొట్టు ముందు ఆగారు. వెంకటప్పయ్య గారు శనగపప్పు నమూనా అరచేతిలో పోసుకుని చూస్తున్నారు.

"నేను ఉయ్యూరు వెళ్తున్నానండీ" అన్నారు ఆవిడ.

ఆయన తలెత్తలేదు. "బెల్లం మర్చిపోకు. నల్లది."

ఆవిడ అక్కడే నిలబడ్డారు, ఇంకేమైనా అంటారేమోనని. నేను ఆటో పక్క నుంచి చూస్తూనే ఉన్నాను. ఆయన ఇంకో పిడికెడు పప్పు తీసుకున్నారు. ఆవిడ వచ్చి ఆటో ఎక్కి, "పోనీ నాయనా, బస్టాండుకు" అన్నారు.

రాత్రి భోజనాల వేళకు గానీ వాళ్ళకు అనుమానం రాలేదు. ఆయన ఫోన్ చేస్తే ఆవిడ ఉద్యోగం సంగతి పూసగుచ్చినట్టు చెప్పారట, ఇక అక్కడే ఉంటానన్నారట. ఆయన విని, "సరే, కోపం తగ్గాక రా" అని పెట్టేశారట. ఆవిడే నాకు చెప్పి నవ్వారు. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

ఆవిడ వెళ్ళిన మర్నాడు ఏం జరిగిందో చెప్తే మీరు నమ్మరు. లిస్టులో 'పాలు' పడింది. ఆ తర్వాత 'ఉల్లిపాయలు'. మూడోరోజు 'బియ్యం అయిపోయాయి'. ముప్పై కిలోమీటర్ల అవతల, హాస్టల్ పిల్లలకు రూములు చూపిస్తున్న మనిషి ఫోన్ టింగు టింగుమంటూనే ఉంది. మనిషి వెళ్ళిపోయిందని అందరికీ తెలుసు. అయినా రాస్తే సామాన్లు వస్తాయనే నమ్మకం మాత్రం వాళ్ళకు చెక్కు చెదరలేదు. ఆవిడ లేరని ఒక్కరోజు బెంగపడి ఉంటే నేను ఇన్ని మాటలు అనేదాన్ని కాదు.

నాలుగోరోజు పొద్దున్న ఆవిడ నాకు ఫోన్ చేశారు. "నజీరమ్మా, షేరింగు ఆపడం ఎలాగో చెప్పు."

చెప్పాను. ఆ ఫోల్డరు పెట్టింది ఆవిడ ఫోన్‌లోనే కాబట్టి యజమాని ఆవిడే. ఆవిడ షేరింగు ఆపితే ఫోల్డరు ఆవిడ దగ్గరే ఉంటుంది, మిగతా నలుగురి ఫోన్లలోంచీ పోతుంది. నేను చెప్తుండగానే ఆవిడ ఆపేశారు. పక్కన అమలమ్మ గొంతు, గిన్నెల చప్పుడు వినపడ్డాయి.

అరగంట కాలేదు. వెంకటప్పయ్య గారు సందు దాటి నా షాపుకి వచ్చారు. పదకొండేళ్ళలో ఆయన నా షాపు మెట్టెక్కడం అదే మొదలు. గడ్డం పెరిగి ఉంది. మొహం వాడిపోయి ఉంది. నాకు ఒక్క క్షణం జాలేసింది. ఆవిడ సంగతి అడుగుతారు కాబోలు, ఎలా ఉంది, తిన్నదా, నామీద కోపమా అంటారు కాబోలు అనుకుని, స్టూలు లాగి వేశాను.

ఆయన ఫోన్ నా ముందు పెట్టారు. "అమ్మా నజీరా, లిస్టు కనపడట్లేదమ్మా. ఏమైందో కాస్త చూడు."

వేసిన స్టూలు మళ్ళీ వెనక్కి లాగేశాను.

"చక్రి ఫోన్‌లోనూ లేదు, తమ్ముడి ఫోన్‌లోనూ లేదు" అన్నారు ఆయన. "పాతది రాకపోతే పోనీలే. అక్షయ ఫోన్‌లో కొత్తది పెట్టివ్వు. ఇకమీదట ఆ అమ్మాయి చూసుకుంటుంది." వెనక్కి తిరిగి పైకి చూసి, "అక్షయా! ఫోన్ తీసుకుని కిందకు రామ్మా!" అని కేకేశారు.

అక్షయ దిగివచ్చింది. రెండు చేతులూ వెనక పెట్టుకుని షాపు గుమ్మంలో ఆగింది. నావైపు ఒకసారి చూసింది.

"నా ఫోన్‌లో అవి పడవు మావయ్య గారూ" అంది. "అడగండి నజీరా ఆంటీని."

"అవునండీ" అన్నాను నేను. "పడవు."

పదకొండేళ్ళుగా ఈ సందులో ఎవరికీ అబద్ధం చెప్పి ఫోన్ తిప్పి పంపలేదు. ఆ రోజు హాయిగా చెప్పాను. అక్షయ వెనక్కి తిరిగి మెట్లెక్కి వెళ్ళిపోయింది. ఆ ఫోన్ ఆ పిల్ల గుప్పిట్లో ఎంత గట్టిగా ఉందో నేను చూశాను.

"మరి ఎలాగమ్మా?" అన్నారు ఆయన.

బిల్లు పుస్తకంలోంచి ఒక కాగితం చింపి, వెనక్కి తిప్పి, పెన్నుతో సహా ఆయన ముందు పెట్టాను. "రాసుకోండి. రాసింది మీరే వెళ్ళి తెచ్చుకోండి. ఎదురుగానే పాల బూత్ ఉంది."

ఆయన పెన్ను తీసుకున్నారు. కాగితం వంక చాలాసేపు చూశారు. ముప్పై ఏళ్ళు తిన్న అన్నంలో ఏమేం పడ్డాయో ఒక్కటీ గుర్తు రానట్టు తలెత్తి, "ఇంట్లో ఏం ఉన్నాయో, ఏం అయిపోయాయో నాకెలా తెలుస్తుందమ్మా? అది ఫోన్ ఎత్తట్లేదు. నువ్వొకసారి చేసి కనుక్కుంటావా?" అన్నారు.

ఏం కనుక్కోమంటారని అడిగాను.

"ఉప్పు ఎక్కడ పెట్టిందో" అన్నారు.